పాత ఇంటికి కొత్త లెక్క

అఫ్జల్‌గంజ్ సందుల్లో ఇంకా నిలిచి ఉన్న పాత ఇళ్లకు సున్నపు గోడలు, చెక్క దూలాల మీద ఇటుకా సున్నం వేసిన కప్పులు కనిపిస్తాయి. అలాంటి ఇంటిని బాగు చేయించాలంటే చిక్కంతా పైకి కనిపించని చోటే ఉంటుంది. మేస్త్రీ చూసి చెప్పిన అంచనా గోడ పైపూతకు సరిపోతుంది, లోపలున్న దూలం సంగతి కప్పు విప్పితే గానీ తేలదు.

అందుకే ముందు చిన్న పరీక్ష చేయించాలి. దూలం గోడలోకి దిగే కొసన చాకు మొనతో గుచ్చి చూడాలి. మొన సులువుగా దిగితే చెక్క పుచ్చినట్టే. గోడను వేళ్లతో తట్టితే డొల్లగా మోగినచోట పూత విడిపోయిందని అర్థం. లారీ రాని సందుల్లో మట్టీ, ఇసుకా మోయించే కూలి కూడా అంచనాలో ఉందో లేదో అడగాలి.

ఆ తర్వాత పనిని విడతలుగా విడగొట్టాలి. ఓ ఇంటికి నాలుగు లక్షల అంచనా వచ్చిందనుకుందాం. కప్పుకు 1.20 లక్షలు, పైపులూ వైరింగుకు 1.10, గోడల పూతకు 90 వేలు, నేలకూ రంగులకూ 80 వేలు. చేతిలో ఉన్నది రెండు లక్షలు, నెలకు మిగిలేది 15 వేలు. ప్రతి విడతకూ అంచనాపై 30 శాతం పక్కన పెట్టాకే పని మొదలుపెట్టాలి.

తొలి విడత కప్పుదే. నీరు కారుతుంటే కింద చేసిన పూతా రంగూ వృథా. వేసవిలో, వానలకు ముందే ముగించాలి. 1.20 లక్షలకు 36 వేలు కలిపి 1.56 లక్షలు సిద్ధంగా ఉంచుకుంటే, రెండు దూలాలు పుచ్చి 30 వేలు అదనమైనా కంగారు ఉండదు. మిగిలిన 50 వేలకు ఎనిమిది నెలల పొదుపు తోడైతే 1.70 లక్షలు. పైపులూ వైరింగుకు కావలసింది 1.43 లక్షలే. ఇవి గోడలో దూరేవి కనుక పూతకన్నా ముందే పూర్తి కావాలి. సున్నపు గోడకు సిమెంటు పూత పూయిస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక పెచ్చులూడుతుంది. కనుక సున్నపు పూతే వేయించి, వానలు వెళ్లాక నిదానంగా ఆరనివ్వాలి.

ఇదే రెండు లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 6,800 కట్టాలి. వడ్డీయే 46 వేలవుతుంది. అంటే పూతకు పెట్టే ఖర్చులో సగం.

అయితే ఒక మినహాయింపు ఉంది. దూలం కుంగి కప్పు వంగినా, గోడ పగులు రోజురోజుకూ వెడల్పవుతున్నా విడతల కోసం ఆగకూడదు. ఆ గది ఖాళీ చేసి ఇంజనీరుకు చూపించాలి. అవసరమైతే అప్పు చేసినా ఆ ఒక్క పనికే చేయాలి.