Forget నొక్కాల్సింది ఫోన్‌లో కాదు

కేస్ మూత తీస్తాం, బడ్స్ చెవిలో పెట్టుకుంటాం, ఫోన్‌లో పాట పెడితే ఫోన్ స్పీకర్ మోగుతుంది. బడ్స్ మాత్రం కనెక్ట్ అయ్యామనే అంటాయి. దేనికయ్యా అంటే, ఆన్‌లైన్ క్లాసుల కాలంలో కొన్న పాత ట్యాబ్‌కి! అది ఏ దుప్పటి కిందో బ్లూటూత్ ఆన్‌లో పెట్టుకుని పడుంటుంది. వెంటనే అందరూ చేసే పని ఫోన్‌లో Forget నొక్కి మళ్ళీ పెయిర్ చేయడం. ఆ పూటకి సరిపోతుంది, మర్నాడు కథ మొదటికొస్తుంది. నన్నడిగితే ఈ మందు తప్పు మనిషికి వేస్తున్నట్టు.

పెయిరింగ్ అంటే రెండు పరికరాలు ఒక రహస్య తాళంచెవిని పంచుకోవడం. ఒక కాపీ ఫోన్‌లో, ఒకటి బడ్స్‌లో ఉంటుంది. ట్యాబ్‌తో పంచుకున్న తాళంచెవి వేరు. కాబట్టి ఫోన్‌లో Forget నొక్కితే పోయేది ఫోన్ దగ్గరున్న కాపీయే. ట్యాబ్‌కీ బడ్స్‌కీ ఉన్న స్నేహం చెక్కుచెదరదు. పైగా బడ్స్ మూత తీయగానే సాధారణంగా చివరిసారి ఎవరితో కలిశాయో వాళ్ళనే ముందు పిలుస్తాయి. రాత్రి ట్యాబ్‌లో సినిమా చూసి పడుకుంటే, పొద్దున మొదటి పిలుపు ట్యాబ్‌కే వెళ్తుంది.

దీనికి మల్టీపాయింట్ తోడైతే విషయం ఇంకా తికమక. మా వింగ్‌లో ఒక ఫ్రెండ్‌కి ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూ రోజున ఇదే జరిగింది. ల్యాప్‌టాప్ లిస్టులో బడ్స్ పేరు ఉంది, పక్కన Paired అని ఉంది, Connect నొక్కితే మాత్రం కావడం లేదు. ల్యాప్‌టాప్ బ్లూటూత్ పోయిందనుకుని డ్రైవర్ తీసేయబోయాడు. చివరికి ల్యాప్‌టాప్ మైక్‌తోనే ఇంటర్వ్యూ అయిందనిపించాడు. పక్క గదిలో మిక్సర్ సౌండ్ లాంటి ఫ్యాన్ ఒకటి, అవతలివాళ్ళు ప్రతి జవాబూ రెండుసార్లు చెప్పించుకున్నారట.

సాయంత్రం బడ్స్, ఫోన్, ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంకో బిల్డింగ్‌లో ఉన్న రీడింగ్ రూమ్‌కి వెళ్ళాం. అక్కడ మూత తీస్తే ల్యాప్‌టాప్‌కి వెంటనే కలిశాయి. గదికి తిరిగొచ్చాక మళ్ళీ పేచీ. అంటే దొంగ గదిలోనే ఉన్నాడు. ట్యాబ్ తీసి చూస్తే బడ్స్ పేరు కింద Connected అని ఉంది. అతని బడ్స్‌లో ఒకేసారి రెండింటికే చోటు. మూత తీయగానే ఒక చోటు ఫోన్, రెండోది ట్యాబ్ ఆక్రమించేశాయి. కొన్ని మోడల్స్ మూడోది అడిగితే ఉన్న రెండిట్లో ఒకదాన్ని వదిలేస్తాయి, అతనివి ఒప్పుకోలేదు.

వైద్యం చెయ్యాల్సింది ట్యాబ్‌కి. దాని బ్లూటూత్ సెట్టింగ్స్‌లో బడ్స్ పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కి, అక్కడ Forget నొక్కాలి. ట్యాబ్‌లో కూడా అప్పుడప్పుడు బడ్స్ వాడుకుంటాం అనేవాళ్ళు, సినిమా అయ్యాక ట్యాబ్ బ్లూటూత్ పూర్తిగా ఆపాలి. ఐప్యాడ్ అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది: పైనుంచి లాగే కంట్రోల్ సెంటర్‌లో బ్లూటూత్ గుర్తు నొక్కితే అది తాత్కాలికమే, తెల్లారి 5 గంటలకి దానంతటదే మళ్ళీ మొదలవుతుంది. Settings లోపలికి వెళ్ళి ఆపితేనే ఆగినట్టు.

ట్యాబ్ మన చేతిలో లేకపోతే, అంటే అది రూమ్మేట్‌ది అయి అతను ఊరెళ్ళి ఉంటే, బడ్స్‌నే రీసెట్ చేయాలి. పద్ధతి మోడల్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడాల్సిందే. రీసెట్‌తో బడ్స్ లోపలి లిస్టంతా చెరిగిపోతుంది. ట్యాబ్ దగ్గర పాత తాళంచెవి ఉన్నా ఇక తలుపు తెరుచుకోదు. ఆ తర్వాత ఫోన్‌నీ ల్యాప్‌టాప్‌నీ కొత్తగా పెయిర్ చేసుకోవాలి, ఈక్వలైజర్ మార్చుకుని ఉంటే అదీ మళ్ళీ పెట్టుకోవాలి.

మల్టీపాయింట్ విషయానికొస్తే, ల్యాప్‌టాప్‌లో క్లాస్ వింటూ ఫోన్ కాల్ కూడా అందుకోవాలనుకునేవాళ్ళకి అది నిజంగా పనికొస్తుంది. ఒక్క ఫోన్‌తో సరిపెట్టుకునేవాళ్ళు యాప్‌లో దాన్ని ఆపేసుకోవడమే మేలని నా మాట. అయితే ఆపినంత మాత్రాన ట్యాబ్ పీడ పోదు. ఉన్న ఒక్క చోటూ ట్యాబే పట్టుకుంటే ఫోన్‌కి అదీ ఉండదు. అందుకే ముందు Forget, తర్వాతే మల్టీపాయింట్ సంగతి.

ఇక కంపెనీలతో నా పేచీ ఒక్కటే. బడ్స్ లోపల ఏయే పరికరాల పేర్లు దాచుకున్నాయో కొన్ని యాప్‌లు చూపిస్తాయి, అక్కడే ఒక్కోదాన్ని తీసేయనిస్తాయి. చాలా చవక మోడల్స్‌లో ఆ పేజీయే ఉండదు. బాస్ పెంచడానికి పది రకాల బటన్లు ఇచ్చినవాళ్ళు ఆ ఒక్క లిస్టు చూపించడానికి ఏం నొప్పి? ఈసారి బడ్స్ కొనేముందు నేను బాస్ సంగతి అడగను, ఆ పేజీ ఉందా లేదా అని ఎవరి యాప్‌లోనైనా తెరిచి చూస్తాను.