ఫోన్ రాసుకున్న డైరీని చెరిపే ముందు ఒకసారి చదవండి

గత నెలలో ఒక ఆదివారం తీరిగ్గా కూర్చుని, నా ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ దాచిన పాత రోజులను ఒక్కొక్కటిగా తిరగేశాను. ఒక శనివారం సాయంత్రం నేను అమీర్‌పేటలోని ఒక సంతాన సాఫల్య కేంద్రంలో 50 నిమిషాలు గడిపానని అందులో ఉంది. నిజానికి నేను ఆ మెట్లు కూడా ఎక్కలేదు. అదే భవనం కింది అంతస్తులోని టిఫిన్ సెంటర్‌లో స్నేహితుడితో దోసె తిన్నాను, అంతే.

నవ్వుకుని వదిలేయవచ్చు. కానీ ఈ డైరీని ఇంట్లోవాళ్లో, పోలీసులో, కోర్టులో ఎవరైనా చదివితే? అప్పుడు అందులో ఉన్నదే నిజమనుకుంటారు. అందుకే లొకేషన్ చరిత్రను గుడ్డిగా చెరిపేసే ముందు ఒకసారి చదవాలని నేనంటాను. అందులో నిజంగా ఏముందో తెలిస్తేనే ఏది చెరపాలో, చెరిపాక ఇంకా ఏది మిగిలిందో తెలుస్తుంది.

ముందుగా ఈ తప్పు ఎలా జరిగిందో చూద్దాం. జీపీఎస్ విషయంలో ఫోన్ కేవలం శ్రోత. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు ఎంత ఆలస్యంగా చేరాయో కొలిచి, తానెక్కడుందో లెక్క కడుతుంది. సెకనులో వంద కోట్లవ వంతు తేడా వస్తే దూరంలో 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఆకాశం తేటగా కనిపించే చోట ఫోన్ సాధారణంగా 5 మీటర్ల లోపు తేడాతో చెప్పగలదు. పైకప్పు కిందికి వెళ్లాక ఆ సంకేతం బలహీనపడుతుంది. అప్పుడు చుట్టుపక్కల వైఫై రౌటర్ల సంకేతాల మీద ఆధారపడుతుంది. ఇక అంతస్తుల సంగతి మరీ కష్టం. కింద టిఫిన్ సెంటర్‌కూ పైన ఆసుపత్రికీ అక్షాంశ రేఖాంశాలు ఒకటే.

అంటే ఫోన్ కొలిచింది ఒక చుక్కను మాత్రమే. ఆ చుక్క దగ్గరున్న పేర్లలో నేను దేనికి వెళ్లి ఉంటానన్నది దాని ఊహ. ఈ తేడా తెర మీద కనిపించదు కానీ, దాచిన ఫైలులో ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో Settings తెరిచి Location, తర్వాత Location services, అందులో Timeline నొక్కితే Export Timeline data అని వస్తుంది. పాస్‌వర్డ్ ఇస్తే Timeline.json అనే ఫైలు దిగుతుంది. నా శనివారం అందులో ఇలా ఉంది (గుర్తింపు సంఖ్యలను కుదించాను):

```
"visit": {
  "probability": 0.87,
  "topCandidate": {
    "placeId": "ChIJ...",
    "semanticType": "UNKNOWN",
    "probability": 0.41
  }
}
```

మొదటి 0.87 నేను ఎక్కడో ఒకచోట ఆగాననడానికి ఉన్న సంభావ్యత. రెండోది, 0.41, ఆ చోటు ఫలానా ఆసుపత్రే అనడానికి ఉన్నది. సగం కూడా లేదు! అయినా తెర మీద మాత్రం ఆసుపత్రి పేరు ఖాయంగా కనిపించింది. దోషరేఖలు లేని గ్రాఫును మాకు ఎమ్మెస్సీ ప్రయోగశాలలో వెనక్కిచ్చేసేవారు. ఈ పేరు పక్కన కూడా ఆ సంఖ్య ఉండాల్సిందే. ఫైలులో ఉన్నదాన్ని తెర మీద చూపడం పెద్ద పనేమీ కాదు.

అదే ఫైలులో మరోచోట INFERRED_HOME అని కనిపించింది. మా ఇల్లు ఫలానా చోట అని నేను ఆ ఫైలుకు చెప్పలేదు. రాత్రుళ్లు ఫోన్ ఎక్కడ ఉంటుందో చూసి ఎవరైనా గ్రహించగల సంగతే ఇది. rawSignals అనే మరో భాగంలో చుట్టుపక్కల రౌటర్ల గుర్తింపు సంఖ్యలు, వాటి సంకేత బలాలు ఉన్నాయి. వాటిలో మా పక్కింటివాళ్ల రౌటర్ కూడా ఉండే ఉంటుంది.

‘పేరు తీసేస్తే చాలు కదా’ అని కొందరంటారు. చాలదు. 15 లక్షల మంది మొబైల్ వాడకందారుల 15 నెలల కదలికలను పేర్లు లేకుండా పరిశీలించిన ఒక అధ్యయనం 2013లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చింది. గంటకొక నమోదు, అదీ టవర్ పరిధి అంత ముతక వివరం. అయినా ఏవైనా నాలుగు చుక్కలు తెలిస్తే 95 శాతం మందిని మిగతావాళ్ల నుంచి విడదీయగలిగారు. మనం తిరిగే దారే మన వేలిముద్ర.

ఇక చెరపడం. గూగుల్ మ్యాప్స్‌లో మీ ఫొటో నొక్కి Your Timeline తెరవండి. ఒక్క రోజునో, కొంత కాలాన్నో, మొత్తాన్నో అక్కడ తీసేయవచ్చు. 3, 18 లేదా 36 నెలలు దాటినవి వాటంతట అవే పోయేలా కూడా పెట్టుకోవచ్చు. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకచోట ఉంది. టైమ్‌లైన్‌ను ఆపేయడం వేరు, చెరపడం వేరు. ఆపితే రేపటి నుంచి రాయదు, నిన్నటి దాకా రాసింది అలాగే ఉంటుంది.

మరో సంగతి. 2023 డిసెంబరులో గూగుల్ ప్రకటించిన మార్పుతో ఈ డైరీ కంపెనీ సర్వర్ల నుంచి మన ఫోన్లలోకి మారింది. ఇది మంచి మార్పే. కానీ దీనివల్ల ఏ ఫోన్ డైరీ ఆ ఫోన్‌దే అయింది. బీరువాలో పడి ఉన్న పాత ఫోన్‌లోని డైరీ కొత్త ఫోన్‌లో చెరిపితే పోదు. బ్యాకప్ పెట్టుకుని ఉంటే టైమ్‌లైన్ పైభాగంలోని మేఘం గుర్తు నొక్కి దాన్ని విడిగా తీసేయాలి. ఇందాక దించుకున్న ఫైలునూ డౌన్‌లోడ్స్‌లోంచి తొలగించడం మరవకండి.

ఇంతటితో అయిపోలేదు. Web & App Activity అనేది మరో అర. మ్యాప్స్‌లోనో సెర్చ్‌లోనో మీరు ఏదైనా వెతికినప్పుడు ఎక్కడున్నారన్నది అక్కడ నమోదు కావచ్చు. ఇది ఫోన్‌లో కాదు, మీ ఖాతాలో ఉంటుంది. లొకేషన్ హిస్టరీని ఆపినా ఈ అరలో నమోదు కొనసాగుతోందని 2018లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ బయటపెట్టింది. ఆ వ్యవహారంలో 2022లో అమెరికాలోని 40 రాష్ట్రాలతో గూగుల్ 39.15 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. myactivity.google.com తెరిస్తే మీ అరలో ఏముందో మీరే చూసి చెరపవచ్చు.

మన చేయి అందని అర కూడా ఒకటుంది. కాల్ చేసినప్పుడు ఏ టవర్ పరిధిలో ఉన్నామో టెలికాం కంపెనీ రాసుకుంటుంది. ఆ రికార్డులను కనీసం రెండేళ్లు ఉంచాలని మన టెలికాం శాఖ 2021 డిసెంబరులో లైసెన్సు నిబంధన సవరించింది. ఫోన్‌లో ఏ బటన్ నొక్కినా అవి పోవు. కాబట్టి టైమ్‌లైన్ చెరిపి ‘ఇక నా జాడ లేదు’ అనుకోవడం భ్రమ. అయితే చెరపడం వృథా కూడా కాదు. టవర్ రికార్డు మీరు ఏ పేటలో ఉన్నారో చెబుతుంది. టైమ్‌లైన్ ఏ గుమ్మం ముందు ఎంతసేపు ఆగారో చెబుతుంది, నా శనివారం సంగతిలో లాగా తప్పుగానైనా సరే.

నేను టైమ్‌లైన్‌ను పూర్తిగా మానేయలేదు. ఆఫీసు పని మీద తిరిగిన రోజుల ప్రయాణ బిల్లులు రాయడానికి అది పనికొస్తుంది. బిల్లుకు మూడు నెలలు చాలు కాబట్టి గడువు అక్కడే పెట్టాను. పాత ఫోన్‌ను బీరువాలోంచి తీసి ఖాళీ చేశాను. ఆ శనివారాన్ని మాత్రం చెరపలేదు, ఆసుపత్రి పేరు మార్చి టిఫిన్ సెంటర్ పేరు పెట్టాను.