గరిటెడు పప్పంటే ఎంత?

"రెండు గరిటెల పప్పు, చిన్న గిన్నెడు అన్నం" అని డైటీషియన్‌కి చెప్పేస్తాం. ఆవిడ వాటిని గ్రాముల్లోకి మార్చి మాంసకృత్తులు లెక్క కడతారు. కానీ మీ గరిటె, మా గరిటె ఒకటి కాదు కదండీ! నన్నడిగితే, ఆ మార్చే పని మన వంటింట్లోనే జరగాలి.

అలాగని గరిటెడు పప్పు తూచేస్తే సరిపోదు. అందులో పప్పెంతో, నీళ్లెన్నో కాటాకి తెలియదు. అందుకే మా అత్తయ్యగారి కోసం నేను గిన్నె మొత్తానికీ లెక్క వేస్తాను. మొన్న పచ్చి కందిపప్పు 150 గ్రాములు పోశాను. తాలింపు పెట్టాక తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేస్తే 750 గ్రాములు తేలింది. మా గరిటెకి 75 గ్రాములు పడుతుంది. అంటే గిన్నెలో పదో వంతు, 15 గ్రాముల కందిపప్పు. వంద గ్రాముల కందిపప్పులో మాంసకృత్తులు సుమారు 22 గ్రాములు కాబట్టి గరిటెకి వచ్చేది మూడు గ్రాముల పైచిలుకు మాత్రమే. తాలింపు నూనెనీ అలాగే పంచుకోవాలి. పది గ్రాములు వేస్తే గరిటెకి ఒక గ్రాము.

"రోజూ పప్పు తింటున్నారుగా, లోటేముంది" అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

పప్పు అడుక్కి దిగుతుంది, కలిపి వడ్డించకపోతే లెక్క తప్పుతుంది. పలచగా చేసిన రోజు మళ్లీ తూచాల్సిందే. గరిటె అదే అయినా అందులో పప్పు తగ్గుతుంది మరి.