మంచు నుంచి ఆవిరి దాకా: సూత్రం కన్నా ముందు గ్రాఫ్ గీయిద్దాం

సైన్సు ఉపాధ్యాయులారా, పాఠ్యపుస్తకాలు రాసేవారా, ప్రశ్నపత్రాలు తయారుచేసేవారా!

మైనస్ 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న 100 గ్రాముల మంచును 100 డిగ్రీల ఆవిరిగా మార్చడానికి ఎంత ఉష్ణం కావాలి? ఈ లెక్క మనందరికీ పాతదే. పిల్లలు చేసే తప్పు కూడా పాతదే. ద్రవ్యరాశిని విశిష్టోష్ణంతోనూ ఉష్ణోగ్రతలోని తేడాతోనూ గుణించేస్తారు. వందను ఒకటితో, ఆపైన 110తో గుణిస్తే 11,000 కెలోరీలు. అసలు జవాబు 72,500. ఆరున్నర రెట్ల తేడా! ఇది అజాగ్రత్త వల్ల జరిగేది కాదు. వేడి ఇచ్చినంతసేపూ ఉష్ణోగ్రత పెరుగుతూనే ఉంటుందని పిల్లవాడు నిజంగానే నమ్ముతున్నాడు. ఆ నమ్మకాన్ని సూత్రం కదిలించలేదు, గ్రాఫ్ కదిలించగలదు.

నిమిషానికి 1,000 కెలోరీలు ఇచ్చే హీటర్ మీద ఆ మంచును పెట్టామనుకుందాం. వేడి బయటికి పోవడం లేదనుకుందాం. మంచు విశిష్టోష్ణం అర కెలోరీ కాబట్టి సున్నా డిగ్రీలకు చేరడానికి 500 కెలోరీలు, అంటే అర నిమిషం చాలు. అక్కడ థర్మామీటరు ఆగిపోతుంది. గ్రాముకు 80 కెలోరీల చొప్పున 8,000 కెలోరీలు మంచు కరగడానికే ఖర్చవుతాయి. ఎనిమిది నిమిషాలపాటు పాదరసం కదలదు. తరవాత నీరు సున్నా నుంచి వందకు ఎక్కడానికి 10,000 కెలోరీలు, పది నిమిషాలు. మళ్లీ ఆగుతుంది. ఈసారి గ్రాముకు 540 చొప్పున 54,000 కెలోరీలు కావాలి. నీరంతా ఆవిరయ్యేసరికి 54 నిమిషాలు.

మొత్తం డెబ్బై రెండున్నర నిమిషాలు. అందులో 62 నిమిషాలు థర్మామీటరులో మార్పే లేదు. ఈ పాఠంలో పిల్లలు మరిచిపోకూడని సంగతి ఇదే. కానీ బోర్డు మీద మనం గీసే బొమ్మలో రెండు అడ్డగీతలూ ఇంచుమించు ఒకే పొడవుంటాయి. కాలం అక్షాన్ని కొలత ప్రకారం గీస్తే రెండో గీత మొదటిదానికి దాదాపు ఏడింతలుండాలి. అలా గీసిన గ్రాఫ్ చూసిన పిల్లవాడికి ఆవిరి తగిలితే మరిగే నీటికన్నా ఘోరంగా ఎందుకు కాలుతుందో విడిగా చెప్పనక్కరలేదు. నీరుగా మారుతూ ఆవిరి ఆ 540 కెలోరీలనూ చర్మానికే వదులుతుంది.

గుప్తోష్ణాన్ని జోసెఫ్ బ్లాక్ కనిపెట్టింది కూడా గడియారం చూసే. 1760ల మొదట్లో గ్లాస్గోలో ఆయన ఒకే గదిలో రెండు గాజు బుడ్లు వేలాడదీశాడు. ఒకదానిలో మంచంత చల్లటి నీరు, ఇంకోదానిలో అంతే బరువున్న మంచు. నీరు 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరడానికి అరగంట పట్టింది. మంచు కరిగి అక్కడికే రావడానికి పదిన్నర గంటలు పట్టింది.

ఇదే పనిని మన తరగతి గదిలో చేయిద్దాం. వేడిలో హెచ్చుతగ్గులు లేని కరెంటు స్టవ్, బీకరులో చితక్కొట్టిన మంచు, థర్మామీటరు, గడియారం ఉంటే చాలు. థర్మామీటరు బల్బు బీకరు అడుగుకు తగలకూడదు. మంచు కరిగేదాకా కలుపుతూనే ఉండాలి. కలపకపోతే పైన మంచు తేలుతుండగానే అడుగున నీరు వేడెక్కుతుంది, అడ్డంగా ఉండాల్సిన గీత వాలుతుంది. దుకాణంలో కొన్న మంచు చెమ్మగా, అప్పటికే సున్నా దగ్గర ఉంటుంది. అందువల్ల మైనస్ భాగం ప్రయోగంలో సాధారణంగా దొరకదు, దాన్ని లెక్కలోనే చూపాలి. నీరంతా ఇగిరేదాకా ఉంచితే బీకరు పగలవచ్చు. పది నిమిషాలు మరిగించి, తగ్గిన బరువు తూస్తే సరిపోతుంది. దాన్నిబట్టి గ్రాముకు ఎన్ని కెలోరీలో లెక్కగడితే, వేడి గాల్లోకి పోతుంది కాబట్టి జవాబు 540 కన్నా ఎక్కువే వస్తుంది. అలాగే రాయనివ్వండి. హైదరాబాదు ఎత్తులో నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అక్కడి విద్యార్థి రికార్డులో 98 అని రాస్తే దాన్ని దిద్ది 100 చేయకండి.

ప్రశ్న కూడా మారాలి. మొత్తం ఉష్ణం అడిగితే 5, 80, 100, 540 కంఠస్థం చేసి, కూడి, 725తో గుణించేస్తారు. దానికి బదులు, పై హీటర్ మీద 30 నిమిషాలయ్యాక బీకరులో ఏముంటుందని అడగండి. పద్దెనిమిదిన్నర నిమిషాలకు నీరు మరగడం మొదలవుతుంది. మిగిలిన పదకొండున్నర నిమిషాల్లో అందే 11,500 కెలోరీలను 540తో భాగిస్తే సుమారు 21 గ్రాములు ఆవిరైపోయాయని తెలుస్తుంది. 100 డిగ్రీల దగ్గర ఇంకా 79 గ్రాముల నీరుంది. ఏ దశలో ఉన్నామో తెలియనివాడు ఈ జవాబు రాయలేడు.

వచ్చే విద్యా సంవత్సరం నుంచి పాఠ్యపుస్తకంలో ఈ గ్రాఫ్‌ను కొలత ప్రకారం అచ్చువేయించండి. ఒక్క పీరియడ్ ఈ ప్రయోగానికి కేటాయించండి. జవాబుపత్రం దిద్దేటప్పుడు ప్రతి దశకూ విడిగా మార్కులివ్వండి.