జ్వరమని రాయించొద్దు

గర్భం పోయిన మహిళ ఆఫీసుకు పంపే సెలవు చీటీలో తరచూ జ్వరమనో, కడుపునొప్పనో, ఊళ్లో పనుందనో ఉంటుంది. అబద్ధమాడాలన్న సరదా ఎవరికీ ఉండదు. నిజం రాస్తే భోజనాల వేళకల్లా అది అందరి నోళ్లలో పడుతుంది. తిరిగొచ్చాక ‘ఎన్నో నెలమ్మా, ఏం తిన్నావు, ఏం బరువెత్తావు?’ అనే పరామర్శలు మొదలవుతాయి. ఆమె చేత జ్వరమని రాయిస్తున్నది ఆ భయమే. దాన్ని పోగొట్టాల్సింది యాజమాన్యమే.

జ్వరమని రాసినందుకు ఆమె ఎంత నష్టపోతుందో చూద్దాం. హైదరాబాద్‌లో ఇరవై మంది పనిచేసే ఒక కంపెనీ అకౌంటెంటు అనుకోండి, జీతం నెలకు 30 వేలు. తొమ్మిదో వారంలో, ఆగస్టు 4న గర్భస్రావమైంది. జ్వరమని రాస్తే మూడు క్యాజువల్ లీవులు పోతాయి, ఆ తర్వాత జీతం కోత మొదలవుతుంది. అయిదో రోజున ‘ఇంకా తగ్గలేదా?’ అని మేనేజరు ఫోను. అదే నిజమైన కారణం సరైన చోట నమోదై ఉంటే, గర్భస్రావం జరిగిన మర్నాటి నుంచి ఆరు వారాలు, అంటే ఆగస్టు 5 నుంచి సెప్టెంబరు 15 వరకు జీతంతో కూడిన సెలవు ఆమె హక్కు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం ఇచ్చిన ఈ హక్కును 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ కూడా నిలిపింది. ఆ తర్వాత కూడా ఆరోగ్యం కుదుటపడకపోతే వైద్యుడి ధ్రువపత్రంతో మరో నెల వరకు పొడిగింపు ఉంది. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవారికి డబ్బు యజమాని నుంచి కాక ఈఎస్‌ఐ నుంచి వస్తుంది.

‘వారం చాలదా?’ అనే యజమానులు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. ఆ ఆరు వారాల్లో ఆమె చేత తెలిసీ పని చేయించడం చట్టం నిషేధించిన పని. ఆమే వస్తానన్నా కుదరదు. ఇంట్లో కూర్చోలేక త్వరగా పనిలో పడాలనుకునేవారికి ఇది ఇబ్బందే. అయినా ఈ కఠినత్వం మాకు సమ్మతమే. లేకుంటే ‘ఆమె ఇష్టపడే వచ్చింది’ అన్న మాట ప్రతి ఆఫీసులోనూ పుట్టుకొస్తుంది.

హక్కు కావాలంటే రహస్యం వదులుకోవాలా? అక్కర్లేదు. మేనేజరుకు ఒక చీటీ, సిబ్బంది వ్యవహారాలు చూసే ఒక్క వ్యక్తికి మరో లేఖ రాస్తే సరిపోతుంది. మేనేజరుకు ‘వైద్య కారణాల వల్ల ఆగస్టు 5 నుంచి సెప్టెంబరు 15 వరకు సెలవులో ఉంటాను, పత్రాలు హెచ్‌ఆర్‌కు అందజేశాను’ అంటే చాలు. పని ఎవరికి అప్పగించారో మరో వాక్యం. రెండో లేఖ ఇలా ఉండొచ్చు: ‘ఆగస్టు 4న నాకు గర్భస్రావం జరిగింది. చట్ట ప్రకారం ఆరు వారాల వేతన సెలవు మంజూరు చేయగలరు. వైద్యుడి ధ్రువపత్రం జతచేశాను. ఈ వివరం మీ వద్దే ఉంచి, హాజరులో వైద్య సెలవు అని మాత్రమే నమోదు చేయగలరు.’

ఇందులో క్షమాపణ లేదు, ఎన్నో వారమో లేదు, ఎందుకు జరిగిందో లేదు. తేదీ మాత్రం తప్పదు, ఆరు వారాల లెక్క దాని నుంచే మొదలవుతుంది. చట్టం రుజువు అడుగుతుంది, నిజమే. దానికి వైద్యుడి ధ్రువపత్రం చాలు. స్కాన్ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ తెమ్మనడం దర్యాప్తు అవుతుంది. ఆమె మంచం మీద ఉంటే ఆ లేఖను భర్తో అక్కో తెచ్చివ్వొచ్చు. ‘తనే వచ్చి చెప్పాలి’ అనడం అమానుషం.

ఇక ఆఫీసులు వెంటనే మార్చుకోవాల్సినవి ఉన్నాయి. సెలవుల యాప్‌లో ‘గర్భస్రావ సెలవు’ అని ఒక వరుస పెట్టి, అది టీమ్ మొత్తానికి కనిపించేలా ఉంచిన కంపెనీ హక్కు ఇచ్చినట్టే ఇచ్చి పరువు తీస్తోంది. జీతాల విభాగానికి అసలు కారణం తెలియాల్సిన పని లేదు, రోజుల సంఖ్య చాలు. వాట్సాప్ గ్రూపులో సెలవు అడిగించే అలవాటు మానాలి. తిరిగొచ్చిన రోజున పూలగుచ్ఛం, ఓదార్పు సభ వద్దు. ఆమె బల్ల, ఆమె పని ఆమెకు అప్పగిస్తే అదే మర్యాద.

పది మంది కూడా లేని దుకాణంలోనో, నాలుగిళ్లలో పాచిపనికి వెళ్లే చోటో ఈ చట్టం చేరదు. అక్కడ సెలవంటే కూలి పోవడమే, మూడో రోజుకే చీపురు పట్టడమే. అసంఘటిత కార్మికుల సంక్షేమ నిధుల నుంచి ఆ ఆరు వారాల కూలి చెల్లించేలా రెండు తెలుగు రాష్ట్రాలూ ఉత్తర్వులు ఇవ్వాలి. దరఖాస్తు ఆశా కార్యకర్త చేతుల మీదుగా కాకుండా నేరుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడి ధ్రువపత్రంతోనే సాగాలి. ఆశా కార్యకర్త మంచిదే కావొచ్చు, కానీ ఆమెదీ అదే వీధి.