టీచరు రాసే కాగితం తీర్పు కారాదు

జిల్లాలోని పల్లెల నుంచి పిల్లలను నగరంలోని బంధువుల యిళ్లలోనో, హాస్టళ్లలోనో వుంచి చదివించడం కొత్తేమీ కాదు. నారాయణగూడ, చిక్కడపల్లి పక్కనున్న హైదర్‌గూడ ప్రాంతానికి అలా వెళ్లే పిల్లలు ఎందరో. బడిలో ఏదైనా గొడవ జరిగినప్పుడు తల్లిదండ్రులు బస్సెక్కి వెళ్లేసరికి అక్కడ వారికి కనిపించేది టీచరు రాసిన కాగితం ఒక్కటే. ఆ కాగితం ఎలా రాశారన్న దానిపైనే యిద్దరు పిల్లల పేరు ఆధారపడి వుంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదర్‌గూడలోని ఒక బడి. ఏడో తరగతి. మధ్యాహ్నం భోజనాల వేళ మెట్ల దగ్గర డబ్బా పడిన చప్పుడుకు టీచరు గదిలోంచి బయటికి వచ్చారు. ఒక పిల్లవాడు కింద పడి వున్నాడు. అతని సంచి పట్టీ యింకొక పిల్లవాడి చేతిలో వుంది. అన్నం నేలపాలైంది.

టీచరు కోపంలో వున్నారు. "ఫలానావాడు రౌడీలా ప్రవర్తించి, అమాయకుడైన పల్లెటూరి పిల్లవాణ్ణి కావాలని తోసేశాడు" అని రాయబోయారు. ఈ వాక్యంలో ఆమె కళ్లతో చూసినది ఒక్కటీ లేదు. తోయడం ఆమె చూడలేదు. కావాలని చేశాడో లేదో ఎవరూ చూడలేరు. రౌడీ, అమాయకుడు అన్నవి తీర్పులు.

అదే సంగతి యిలా రాయవచ్చు: "మధ్యాహ్నం 12.50. మొదటి అంతస్తు మెట్ల దగ్గర. చప్పుడు విని వచ్చాను. విద్యార్థి 'అ' నేలపై కూర్చుని వున్నాడు. విద్యార్థి 'ఆ' చేతిలో 'అ' సంచి పట్టీ వుంది. పడడం నేను చూడలేదు. 'అ' ఎడమ మోచేతిపై రూపాయి బిళ్లంత గీరుడు. నీళ్లతో కడిగి మందు రాశాము. 1.15కు రెండు యిళ్లకూ ఫోను చేశాము."

తర్వాత పిల్లలను విడివిడిగా కూర్చోబెట్టి అడగాలి. "వాడు నిన్నెందుకు కొట్టాడు?" అని అడిగితే జవాబు ప్రశ్నలోనే వున్నట్టు. "ఏం జరిగింది?" అంటే చాలు. వారు చెప్పింది వారి మాటల్లోనే రాయాలి. "రోజూ ఊరోడా అని నవ్వుతరు టీచర్" అని ఒకరు. "నేను తొయ్యలే, సంచి గుంజిన, గంతే" అని యింకొకరు. రెండూ పక్కపక్కన వుండాలి. ఏది నిజమో ఆ కాగితం తేల్చరాదు.

ఇలా రాస్తే వేధించినవాడు తప్పించుకుంటాడు కదా అని కొందరనవచ్చు. జరిగేది అందుకు విరుద్ధం. వేధింపు ఒక్కనాటి దెబ్బలాట కాదు, మళ్లీ మళ్లీ జరిగేది. ఒక్క కాగితం దాన్ని రుజువు చేయలేదు. తేదీ, వేళ, స్థలంతో వేర్వేరుగా రాసిన మూడు కాగితాలు పక్కన పెడితే, అవే మెట్లు, అదే భోజన వేళ, అదే ఎగతాళి మాట బయటపడతాయి. అప్పుడు ఆ వేళకు మెట్ల దగ్గర ఒక టీచరును నిలబెట్టవచ్చు. "రౌడీ" అన్న మాట రాసి వుంటే, కాగితం చదివిన తండ్రి ఆ మాటపైనే పోట్లాడతాడు. మెట్ల సంగతి మరుగున పడుతుంది.

2015 నాటి బాలల న్యాయ చట్టం పిల్లలకు సంబంధించిన వ్యవహారాల్లో నిందారోపణ మాటలు వాడరాదని సూత్రంగా పెట్టింది. అలాంటి విచారణల్లో పిల్లల పేరు, చిరునామా, బడి తెలిసేలా పత్రికలు రాయరాదని 74వ సెక్షను చెబుతోంది. బడి కాగితానికీ అదే మర్యాద కావాలి. పేర్ల జాబితా ప్రధానోపాధ్యాయుని బీరువాలో వేరుగా వుండాలి. ఒక తండ్రికి యిచ్చే ప్రతిలో రెండో పిల్లవాడి పేరు వుండరాదు. కులం, తండ్రి వృత్తి, నిరుటి తప్పులు అందులోకి రానక్కర లేదు. కాగితం ఆనాడే రాయాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం చేయాలి, చెరపరాదు. టీచరు తాను చేసినదీ దాచరాదు. పిల్లలను కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను నిషేధించింది.

దీనికీ హద్దు వుంది. తలకు దెబ్బ తగిలితే ముందు ఆసుపత్రి, తర్వాతే కాగితం. లైంగిక వేధింపు అనుమానం వస్తే అది బడి పుస్తకంలో ఆగరాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపవలసిందే.

బడి నుంచి కబురు వచ్చిన తల్లిదండ్రులు కేకలు వేసేముందు ఆ కాగితం అడగాలి. టీచరు చూసింది ఏది, విన్నది ఏది, యిద్దరు పిల్లలూ చెప్పింది రాశారా అని చూడాలి. అవి లేకపోతే మళ్లీ రాయమని అడగాలి. తమ బిడ్డ ఏ పక్కన వున్నా, ఆ బిడ్డను కాపాడేది అదే.