జేబుపై సిరా మరక

గోవింద్‌పూర్‌లో ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం జేబులోని బాల్‌పెన్ కారుట వింత కాదు. నీలిమరక కనబడగానే కుళాయి వద్దకు పరుగెత్తే పాఠకులకు మా మనవి: ఆ సిరా నీటికి లొంగదు, స్పిరిట్‌కు లొంగుతుంది.

మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్ చాలు. ముందుగా జేబులోపల పాత తెల్లగుడ్డను మడతపెట్టి ఉంచాలి. లేనిచో కరిగిన సిరా వెనుకనున్న చొక్కాగుడ్డలోనికి దిగుతుంది. చాలామంది మరచేది ఇదే. దూదిని స్పిరిట్‌తో తడిపి, అంచునుండి మధ్యకు అద్దాలి. రుద్దితే మరక విస్తరిస్తుంది. లోపలిగుడ్డ నీలిరంగు పీల్చుకొన్న కొద్దీ దానిని శుభ్రమైన చోటికి జరుపుతూ, దూదిని మార్చుతూ ఉండాలి. రూపాయి బిళ్ళంత మరకకు అరగంటైనా ఓపిక పట్టవలసిందే. దూదికి రంగు అంటడం మానిన పిదప సబ్బుతో, చన్నీటితో ఉతకాలి. తడిగుడ్డను వెలుగుకు ఎత్తి చూడండి. నీలినీడ మిగిలియుంటే మళ్ళీ స్పిరిట్ అద్దాలి. అంతవరకు ఇస్త్రీ కూడదు, వేడికి మరక స్థిరపడుతుంది.

పొయ్యి దగ్గర మాత్రం ఈ పని వద్దు, స్పిరిట్ ఇట్టే అంటుకొంటుంది. ఫౌంటెన్‌పెన్ సిరాకైతే ముందు చన్నీళ్ళే. జెల్‌పెన్ నల్లసిరా చాలాసార్లు దేనికీ పూర్తిగా లొంగదు.